ఇంటర్న్‌షిప్ రిపోర్టు ఎలా రాయాలి: అకౌంట్స్ విభాగంలో పనిచేసిన కామర్స్ విద్యార్థికి

ఇంటర్న్‌షిప్ రిపోర్టు చదివే వరుస వేరు, రాసే వరుస వేరు. చేతికి వచ్చిన పుస్తకంలో ముఖపత్రం, సర్టిఫికెట్, కృతజ్ఞతలు, సారాంశం, పరిచయం, సంస్థ వివరాలు, చేసిన పని, విశ్లేషణ, సూచనలు, ముగింపు, అనుబంధాలు అనే వరుస ఉంటుంది. చాలామంది రాయడం కూడా ఇదే వరుసలో మొదలుపెడతారు. దాంతో సంస్థ చరిత్ర దగ్గరికి వచ్చేసరికే ఇరవై పేజీలు నిండిపోతాయి. చేసిన పనికి మిగిలేది రెండు పేజీలు, గడువుకు మిగిలేది రెండు రోజులు. మార్కులు వేసేవారు వెతికేది మాత్రం ఆ రెండు పేజీలనే.

అందుకే మధ్య నుంచి మొదలుపెట్టండి. ముందు చేసిన పని, తర్వాత విశ్లేషణ, దాని తర్వాత సూచనలు రాయండి. అవి తయారయ్యాకే పరిచయం, సంస్థ వివరాలు. సారాంశం అన్నిటికంటే చివర. ఈ వ్యాసం కూడా అదే వరుసలో నడుస్తుంది. ఉదాహరణగా అకౌంట్స్ విభాగంలో ఇంటర్న్‌గా చేరి బ్యాంక్ రీకన్సిలియేషన్ చేసిన ఒక విద్యార్థి రిపోర్టును తీసుకుందాం. అంకెలు నేను వేసుకున్నవే, పద్ధతి మాత్రం నిజమైన ఆఫీసుల్లో నడిచేదే. మీ కాలేజీ ఫార్మాట్ ఇస్తే విభాగాల పేర్లు, వరుస దాని ప్రకారమే ఉంచండి. లోపల ఏం రాయాలన్నది ఎలాగూ మారదు.

రాయడానికి ముందు: డైరీ

రిపోర్టుకు ముడిసరుకు మీ రోజువారీ డైరీ. "ఈరోజు వోచర్లు ఎంట్రీ చేశాను" అని రాసుకుంటే రెండు నెలల తర్వాత అది దేనికీ పనికిరాదు. ప్రతి రోజుకూ నాలుగు విషయాలు రాసుకోండి: ఏ పని, ఎన్ని ఎంట్రీలు, ఎక్కడ ఆగిపోయాను, ఎవరిని అడిగితే ఎలా తేలింది. మూడోది అన్నిటికంటే విలువైనది. పని సాఫీగా సాగిన రోజుల నుంచి విశ్లేషణ పుట్టదు, ఆగిపోయిన చోటే పుడుతుంది.

డైరీ రాయకుండానే ఇంటర్న్‌షిప్ అయిపోయిందా? అయితే జ్ఞాపకం మీద తేదీలు అల్లకండి. మీరు పంపిన ఈమెయిళ్లు, సేవ్ చేసిన షీట్ల తేదీలు చూసి వారాల లెక్కన రాయండి. ఒకసారి నా దగ్గరికి వచ్చిన రిపోర్టులో ఒక విద్యార్థి సెలవు రోజున కూడా బ్యాంకుకు వెళ్లి చెక్కులు డిపాజిట్ చేసినట్టు రాశాడు. ఆ ఒక్క వరుస చూశాక మిగతా డైరీని ఎవరు నమ్ముతారు?

చేసిన పని: రిపోర్టుకు వెన్నెముక

ఎనిమిది వారాల్లో మీరు పది రకాల పనులు చేసి ఉండవచ్చు. ఫైలింగ్, వోచర్ ఎంట్రీ, ఇన్‌వాయిస్‌ల తనిఖీ లాంటివి ఒక్కోటి ఒక పేరాలో చెప్పి ముందుకు సాగండి. ఒక్క పనిని మాత్రం లోతుగా తీసుకోండి. ఏ పని తీసుకోవాలో తేల్చుకోవడానికి మూడు ప్రశ్నలు సరిపోతాయి. దాన్ని మొదటి నుంచి చివరి వరకు మీరే చేశారా? దానికి అంకెలున్నాయా? అందులో ఎక్కడైనా పొరపాటు బయటపడిందా? మూడింటికీ అవునంటే అదే మీ ప్రధాన అధ్యాయం.

మన విద్యార్థి రాసిన మొదటి డ్రాఫ్టు ఇలా ఉంది: "నేను బ్యాంక్ రీకన్సిలియేషన్ చేశాను. దీని ద్వారా క్యాష్ బుక్‌కు, బ్యాంక్ స్టేట్‌మెంట్‌కు మధ్య తేడాలు ఎలా కనుక్కోవాలో నేర్చుకున్నాను." ఇందులో తప్పేమీ లేదు. కానీ ఆఫీసు మెట్లెక్కని వాళ్లు కూడా పాఠ్యపుస్తకం చూసి ఈ రెండు వాక్యాలు రాయగలరు. అదే చిక్కు. రెండో డ్రాఫ్టు ఇలా మారింది:

"ఒక కరెంట్ ఖాతాకు సంబంధించి మూడు నెలల లావాదేవీలను సరిచూశాను. బ్యాంక్ స్టేట్‌మెంట్‌ను ఎక్సెల్ రూపంలో తీసుకుని, క్యాష్ బుక్‌లోని బ్యాంక్ కాలమ్‌తో ముందు మొత్తాన్ని బట్టి, తర్వాత చెక్కు నంబరును బట్టి జత చేశాను. మొత్తం 640 ఎంట్రీలలో 53 మొదటి విడతలో జతపడలేదు. వాటిని కారణాలవారీగా విడదీసి, సూపర్‌వైజర్‌కు చూపించాక, ఆయన అనుమతించిన వాటికి సర్దుబాటు వోచర్లు తయారుచేశాను. వోచర్లను ఆమోదించింది, పోస్ట్ చేసింది ఆయనే."

చివరి వాక్యం చూశారా? మీరు ఏం చేశారో, మీ పైవాళ్లు ఏం చేశారో విడదీసి చెప్పడం మీ స్థాయిని తగ్గించదు. ఇంటర్న్ చేతికి ఆమోదించే అధికారం ఇవ్వరని పరీక్షకుడికి తెలుసు. అన్నీ మీరే చేసినట్టు రాస్తేనే అనుమానం వస్తుంది. "చేయబడింది", "పరిశీలించబడినది" అని రాసినా ఇదే ఇబ్బంది, ఎవరు చేశారో తెలియదు. కాలేజీ వద్దంటే తప్ప "నేను చేశాను" అనే రాయండి.

వివరణ తర్వాత ఒక్క నెల పనిని అంకెలతో చూపించండి. మూడు నెలలవీ పెట్టనక్కర్లేదు. మిగతా రెండూ అనుబంధంలోకి వెళ్తాయి. మూడో నెలాఖరున క్యాష్ బుక్ నిల్వ 1,84,500, స్టేట్‌మెంట్ నిల్వ 2,06,300 అనుకుందాం. పట్టిక ఇలా వస్తుంది:

| వివరం | మొత్తం |
|---|---|
| క్యాష్ బుక్ నిల్వ | 1,84,500 |
| కలపండి: కస్టమర్ నేరుగా బ్యాంకులో జమ చేసినది | 2,500 |
| తీసివేయండి: బ్యాంకు చార్జీలు | 700 |
| సవరించిన క్యాష్ బుక్ నిల్వ | 1,86,300 |
| కలపండి: మనం ఇచ్చినా ఇంకా బ్యాంకుకు చేరని చెక్కులు | 32,000 |
| తీసివేయండి: మనం వేసినా ఇంకా జమ కాని చెక్కులు | 12,000 |
| స్టేట్‌మెంట్ నిల్వ | 2,06,300 |

మధ్యలో "సవరించిన నిల్వ" అనే వరుస ఎందుకుందో పట్టిక కింద తప్పకుండా రాయండి. దాని పైన ఉన్న రెండూ మన పుస్తకాల్లోకి ఎక్కాల్సినవి, వోచరు వేస్తే తప్ప పోవు. కింద ఉన్న రెండూ రోజుల తేడా వల్ల వచ్చినవి. చెక్కు బ్యాంకులో క్లియర్ కాగానే వాటంతట అవే పోతాయి, వాటికి వోచరు వేయకూడదు. వైవాలో దాదాపు ఖాయంగా వచ్చే ప్రశ్న ఇదే. పట్టిక తప్పుల్లేకుండా వేసి కూడా ఈ ఒక్క ప్రశ్న దగ్గర నీళ్లు నమిలేవాళ్లు ఉంటారు.

ఈ అధ్యాయంలోనే మీరు పట్టుకున్న పొరపాటు ఒకటి చెప్పండి. మన విద్యార్థికి రెండో నెలలో, తెలిసిన తేడాలన్నీ పోగా ఇంకా 900 తేడా మిగిలింది. 900ను తొమ్మిదితో భాగిస్తే శేషం రాదు. పక్కపక్క అంకెలు తారుమారైతే వచ్చే తేడా ఎప్పుడూ తొమ్మిదితో భాగింపబడుతుంది కాబట్టి, అలాంటి ఎంట్రీ ఉందేమోనని వెతికాడు. 5,400 రాయాల్సిన చోట 4,500 అని ఉన్నది దొరికింది. ఇది గుర్తు మాత్రమే, రుజువు కాదు. ఒక ఎంట్రీని పూర్తిగా వదిలేసినా 900 తేడా రావచ్చు. ఆ మాట కూడా రిపోర్టులో రాశాడు. రాసినందుకే ఆ పేరా నిజంగా పనిచేసినవాడు రాసినట్టుంది.

విశ్లేషణ: మీ అంకెలే, ఇంకొకరివి కాదు

ఇక్కడ కామర్స్ విద్యార్థులు తరచూ పడే గుంట ఒకటుంది. సంస్థ వార్షిక నివేదిక తెచ్చి, ఐదేళ్ల కరెంట్ రేషియో, క్విక్ రేషియో వేసి, రంగురంగుల చార్టులు పెడతారు. ఆ పని ఇంట్లో కూర్చుని కూడా చేయవచ్చు. మీరు ఆర్థిక విశ్లేషణ విభాగంలో పనిచేసి ఉంటే తప్ప దాని జోలికి పోకండి. బ్యాంక్ రీకన్సిలియేషన్ చేసినవాడి విశ్లేషణ జతపడని ఆ 53 ఎంట్రీల గురించే ఉండాలి.

ముందు వాటిని కారణాలవారీగా లెక్కపెట్టండి. మన ఉదాహరణలో బ్యాంకుకు చేరని చెక్కులు 21, జమ కాని చెక్కులు 9, కస్టమర్ల నేరు జమలు 14, బ్యాంకు చార్జీలు 6, ఎంట్రీ పొరపాట్లు 3. ఇక్కడితో ఆగితే అది లెక్క మాత్రమే. "బ్యాంకుకు చేరని చెక్కులే ఎక్కువ, సుమారు 40 శాతం, కాబట్టి ఇది ప్రధాన సమస్య" అని రాస్తే తప్పు కూడా. ఆ చెక్కులు సమస్యే కావు, రోజుల తేడా అంతే. వాటిలో చాలాకాలంగా ఎవరూ బ్యాంకులో వేయని పాత చెక్కులుంటే మాత్రం విడిగా చూపాలి.

కాబట్టి 53ను రెండు కుప్పలుగా చేయండి. వాటంతట అవే సర్దుకునేవి 21, 9 కలిపి 30. మన పుస్తకాల్లో ఎంట్రీ వేయాల్సినవి లేదా దిద్దాల్సినవి 14, 6, 3 కలిపి 23. ఈ 23లో పెద్ద భాగం కస్టమర్ల నేరు జమలు. ఆ 14లో 9 జమలకు స్టేట్‌మెంట్ వివరణలో ఇన్‌వాయిస్ నంబరు లేదు. డబ్బు వచ్చింది కానీ ఏ బిల్లుకు వచ్చిందో తెలియదు. తెలిసేదాకా ఆ కస్టమర్ లెడ్జర్‌లో బాకీ అలాగే కనిపిస్తుంది, అప్పటికే కట్టినవాడికి మళ్లీ గుర్తుచేస్తూ ఫోను వెళ్తుంది. ఎంట్రీ లెక్క నుంచి మొదలై ఆఫీసులో నిజంగా జరిగే ఇబ్బంది దాకా వచ్చాం. విశ్లేషణ అంటే ఈ ప్రయాణమే.

అంకెలు దేన్ని చెప్పలేవో కూడా ఇక్కడే ఒక చిన్న పేరాలో రాయండి. ఒక్క ఖాతా, మూడు నెలలు. సంస్థకు ఇంకా ఖాతాలుంటే వాటి సంగతి ఈ రిపోర్టుకు తెలియదు. ఈ హద్దు మీరే చెబితే పరీక్షకుడు అడగాల్సిన అవసరం ఉండదు.

సూచనలు

ప్రతి సూచనకూ పైన ఒక అంకె ఉండాలి. లేకపోతే ఆ సూచన కొట్టేయండి. "సిబ్బందికి శిక్షణ ఇవ్వాలి", "టెక్నాలజీ వాడాలి" లాంటివి ఏ సంస్థకైనా, ఏ రిపోర్టులోనైనా అతుక్కుంటాయి. మన విద్యార్థికి నికరంగా నిలిచినవి రెండే. ఒకటి, డబ్బు పంపేటప్పుడు ఇన్‌వాయిస్ నంబరు రాయమని ఇన్‌వాయిస్ మీదే బ్యాంకు వివరాల పక్కన ఒక వరుస ముద్రించడం. ఇది 9 జమల నుంచి పుట్టింది. రెండు, సరిచూడటం నెలాఖరున కాకుండా వారానికోసారి చేయడం, చార్జీలు, నేరు జమలు అప్పటికప్పుడే పుస్తకాల్లోకి ఎక్కేలా. ఇది 23 నుంచి పుట్టింది.

సూచన ఎవరు అమలు చేయాలి, దానికి ఎంత పని పెరుగుతుంది అన్నది కూడా ఒక వాక్యంలో చెప్పండి. రెండో సూచనతో అకౌంటెంట్‌కు వారంవారం కొంత పని పడుతుంది, ఆ మాట దాచకండి. క్యాష్ బుక్ రాసే మనిషే రీకన్సిలియేషన్ కూడా చేస్తుంటే అది అంతర్గత నియంత్రణలో లోపమని మీరు చదివే ఉంటారు. కానీ చిన్న ఆఫీసులో ఉన్నదే ఒక్క అకౌంటెంట్ అయితే "పనులు విడదీయాలి" అని రాసి ప్రయోజనం లేదు. పూర్తయిన పట్టికను యజమానో మేనేజరో చూసి సంతకం పెట్టాలని రాస్తే జరిగే పని అవుతుంది.

ఇప్పుడు వెనక్కి: పరిచయం, సంస్థ వివరాలు

పరిచయం ఒకటిన్నర పేజీ చాలు. ఏ విభాగం, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు, ఎవరి పర్యవేక్షణలో, లక్ష్యాలు ఏమిటి. లక్ష్యాలు ముందే రాస్తే "సంస్థ పనితీరును అర్థం చేసుకోవడం" లాంటి గాలి వాక్యాలు వస్తాయి. చివర్లో రాస్తే మీరు నిజంగా చేసినవే లక్ష్యాలవుతాయి: జతపడని ఎంట్రీల కారణాలు గుర్తించడం, వాటిని వర్గీకరించడం. ఇదేమీ మోసం కాదు. మొదట అనుకున్నది వేరే అయి పని మారి ఉంటే ఆ మాట కూడా ఒక వాక్యంలో చెప్పండి.

పరిచయంలోని తేదీలు సర్టిఫికెట్‌లోని తేదీలతో అచ్చంగా సరిపోవాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ రిపోర్టు వెనక్కి రావడానికి కారణమవుతుంది. సర్టిఫికెట్‌ను ఆఖరి రోజునే లెటర్‌హెడ్ మీద, సంతకం, ముద్రతో తీసుకుని, మీ పేరు స్పెల్లింగ్, తేదీలు అక్కడే నిలబడి చూసుకోండి. నెల తర్వాత వెళ్తే సంతకం పెట్టాల్సిన మనిషి సెలవులో ఉంటారు.

సంస్థ వివరాలకు మూడు నాలుగు పేజీలు దాటనివ్వకండి. వెబ్‌సైట్ నుంచి ఎత్తి అతికిస్తే కాపీ తనిఖీ సాఫ్ట్‌వేర్‌లో మొదట దొరికేది ఈ భాగమే. సంస్థ ఏం అమ్ముతుంది, ఎవరికి అమ్ముతుంది అన్నది మీ మాటల్లో రాసి, మిగతా చోటంతా మీ విభాగానికి ఇవ్వండి. అందులో ఒక కాగితం ప్రయాణాన్ని చూపించండి: కస్టమర్ చెక్కు వస్తే ఎవరు తీసుకుంటారు, ఏ రిజిస్టర్‌లో ఎక్కుతుంది, రసీదు ఎవరు ఇస్తారు, బ్యాంకుకు ఎప్పుడు వెళ్తుంది, క్యాష్ బుక్‌లో ఏ తేదీన పడుతుంది. ఇది చదివినవారికి తర్వాతి అధ్యాయంలోని "జమ కాని చెక్కులు" ఎందుకు వస్తాయో ముందే తెలిసిపోతుంది.

గోప్యత: పేర్లు ఎలా తీయాలి

ఇక్కడ జరిగే పొరపాటు మీకే కాదు, మిమ్మల్ని పనిలోకి తీసుకున్నవారికీ నష్టం. కస్టమర్ల పేర్లు "కస్టమర్ ఎ", "కస్టమర్ బి" అని మార్చండి. ఖాతా నంబర్లు పూర్తిగా తీసేయండి. అసలు మొత్తాలు బయటపెట్టవద్దంటే అన్నిటినీ ఒకే సంఖ్యతో గుణించి, ఆ సంగతి ఫుట్‌నోట్‌లో చెప్పండి. నిష్పత్తులు చెక్కుచెదరవు. అయితే గుణించే ముందే తప్పుల గురించిన పేరా చూసుకోండి, తారుమారైన అంకెల ఉదాహరణ గుణకారం తర్వాత అర్థం లేకుండా పోతుంది.

రెండు సాంకేతిక జాగ్రత్తలు. పీడీఎఫ్‌లో పేరు మీద నల్ల పెట్టె గీస్తే అది తెర మాత్రమే, కింది అక్షరాలు అలాగే ఉంటాయి, ఎంచుకుని కాపీ చేస్తే వచ్చేస్తాయి. అలాగే ఎక్సెల్ చార్టును వర్డ్‌లోకి మామూలుగా పేస్ట్ చేసినప్పుడు, ఎంచుకున్న ఆప్షన్‌ను బట్టి, వర్క్‌బుక్ మొత్తం ఫైల్‌లోకి రావచ్చు. అప్పుడు చార్టు వెనుక డేటా తెరిచినవారికి మీరు దాచిన షీట్లు కూడా కనిపిస్తాయి. పేస్ట్ చేసేటప్పుడు `Picture` ఎంచుకోండి. చివరి డ్రాఫ్టును సమర్పించకముందే సంస్థలోని సూపర్‌వైజర్‌కు పంపి, అభ్యంతరం లేదని ఈమెయిల్‌లో రాయించుకోండి.

సారాంశం, ముగింపు

సారాంశం ఒక పేజీ. అందులో ఏ అధ్యాయంలో ఏముందో చెప్పకండి, ఆ పని విషయసూచికది. ఏం తేలిందో చెప్పండి: 640 ఎంట్రీలు, జతపడనివి 53, వాటిలో పుస్తకాల్లో సరిచేయాల్సినవి 23, అందులో సగానికి పైగా నేరు జమలు, రెండు సూచనలు. వైవాకు ముందు ఈ ఒక్క పేజీయే చదివే పరీక్షకులూ ఉంటారు, వాళ్ల ప్రశ్నలు దాని నుంచే వస్తాయి. ముగింపులో కొత్త విషయం ఏదీ పెట్టకుండా, క్లాసులో చదివినదానికి, ఆఫీసులో చూసినదానికి ఎక్కడ తేడా కనిపించిందో అర పేజీలో రాయండి. క్లాసులో తేడాల జాబితా ప్రశ్నలోనే ఇస్తారు. ఆఫీసులో ఆ జాబితా తయారుచేయడమే పని. మన విద్యార్థి రాసుకున్నది ఇదే. కృతజ్ఞతలకు అర పేజీ మించొద్దు.

పేజీ నంబర్లు, అనుబంధాలు

విషయసూచికను చేత్తో టైప్ చేయకండి. శీర్షికలకు `Heading 1`, `Heading 2` స్టైల్స్ పెట్టి, `References` ట్యాబ్‌లో `Table of Contents` నొక్కితే అదే వస్తుంది. మార్పులు చేశాక దాని మీద రైట్ క్లిక్ చేసి `Update Field` ఇవ్వడం మరిచిపోవద్దు. ముందు పేజీలకు రోమన్ అంకెలు, పరిచయం నుంచి 1 రావాలంటే ఆ రెండింటి మధ్య `Layout` ట్యాబ్, `Breaks`లో `Next Page` సెక్షన్ బ్రేక్ పెట్టి, రెండో సెక్షన్ ఫుటర్‌లో `Link to Previous` తీసేసి, `Format Page Numbers`లో మొదటి సెక్షన్‌కు రోమన్ అంకెలు, రెండోదానికి మామూలు అంకెలతో `Start at` 1 ఇవ్వాలి. `Link to Previous` తీయకపోతే ఫుటర్‌లో ఒకచోట మార్చింది రెండో చోట కూడా మారుతుంది. చివరి రాత్రి టెన్షన్‌లో గంటలు తినేసేది ఇదే, ముందు రోజే చేసిపెట్టుకోండి.

అనుబంధాల్లో మిగతా రెండు నెలల పట్టికలు, జతపడని 53 ఎంట్రీల జాబితా, ఖాళీ వోచరు నమూనా, డైరీ ఉండాలి. లోపలి పేజీల్లో ఎక్కడా ప్రస్తావన లేని అనుబంధం లావు పెంచడానికి పెట్టినట్టే ఉంటుంది, తీసేయండి. ప్రింటుకు ఇచ్చే ముందు కాలిక్యులేటర్ పక్కన పెట్టుకుని ప్రతి పట్టికా ఒకసారి కూడండి. సారాంశంలోని 53, విశ్లేషణలోని 53, అనుబంధంలో వరుస సంఖ్య చివర ఉన్న 53 ఒకటేనా చూడండి. మధ్యలో ఒక ఎంట్రీ తీసేసి జాబితా 52 అయిన రిపోర్టులు నేను చూశాను.